రాగి గనుల్లో కూడా బంగారం వస్తుందట కదా, రేటు ఇంత పెరిగాక ఎక్కువ తీయరా?

సుజాత_మిర్యాలగూడ
మా పెద్దమ్మాయి పెళ్లి ఫాల్గుణంలో. పది తులాలు పెడతామని మాటిచ్చాం. నిరుడు తులం లక్ష దాటినప్పుడే సగమైనా కొనేద్దామన్నాను, మా ఆయన ఆగమన్నారు. ఇప్పుడూ ఆగమనే అంటున్నారు. కారణమేమిటంటే ఆయన దోస్తు చెప్పాడట: బంగారం ఒక్క బంగారు గనుల్లోనే కాదు, రాగి గనుల్లో, వెండి గనుల్లో కూడా వస్తుంది, ఇంత రేటు ఉంటే వాళ్లంతా ఎగబడి తీస్తారు, ఆర్నెల్లలో మార్కెట్‌లో బంగారం కుప్పలు పడుతుంది, అప్పుడు కొనుక్కోవచ్చు అని. వినడానికి బాగానే ఉంది కానీ నాకు టెన్షన్ తగ్గట్లేదు. ఇందులో నిజమెంత?

పాలమూరు_పోరడు
కుప్పలు పడితే నాకూ చెప్పు అక్కా, ట్రాలీ ఆటో మాట్లాడి పెడతా.

షేరు_శీను
మీ ఆయన చెప్పింది తప్పేం కాదు. రేటు పెరిగితే సరఫరా పెరుగుతుంది, ఏ సరుకుకైనా అదే సూత్రం. పెద్ద రాగి గనుల్లో టన్నులకొద్దీ బంగారం వస్తుంది. ఔన్సు 2000 డాలర్లున్నది 4000 దాటితే ఏ కంపెనీ అయినా ఊరుకుంటుందా?

రాళ్ల_సారు
ఊరుకోక చేసేదేం లేదు శీనూ. ఇరవై రెండేళ్లు రాగి గనిలో జియాలజిస్టుగా పనిచేసి నల్గొండ వచ్చి పడ్డవాణ్ని, నా మాట కొంచెం విను.

రాగి గనిలో బంగారం కోసం వేరే సొరంగం ఉండదు. అదే రాయి, అదే పేలుడు, అదే మిల్లు. రాగి ఉన్న ఖనిజంలోనే బంగారం కంటికి కనపడనంత సన్నగా ఇరుక్కుని ఉంటుంది. రాగి కోసం రాయిని పిండి చేస్తాం, నీళ్లలో నురగ పట్టిస్తాం, రాగి ఖనిజం నురగతో పైకి తేలుతుంది, దాన్ని పట్టుకుని బంగారం కూడా వస్తుంది. బంగారం ఒక కిలో ఎక్కువ కావాలంటే రాగి రాయి ఇంకో ఐదు వేల టన్నులు తవ్వాలి. అంత రాయి తవ్వాలా వద్దా అన్నది రాగి రేటు చూసుకుని తేల్చేది, బంగారం రేటు చూసి కాదు.

మిల్లు_యాదగిరి
సారు చెప్పింది మిర్యాలగూడ వాళ్లకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. తవుడు.

క్వింటా వడ్లు ఆడిస్తే ఏడెనిమిది కిలోల తవుడు వస్తుంది. నూనె మిల్లులోళ్లు తవుడు రేటు పెంచారనుకోండి, నాకు సంతోషమే. కానీ తవుడు కోసమని వడ్లు ఎక్కువ ఆడిస్తానా? నాకొచ్చే వడ్లు సర్కారు సీఎంఆర్ కింద ఎంత కేటాయిస్తే అంత. నాట్లు ఎన్ని ఎకరాల్లో పడ్డయి, సాగర్ నీళ్లు వదిలిండ్రా లేదా, ఆ లెక్క మీద నడుస్తది నా మిల్లు. తవుడు రేటు రెట్టింపైనా ఆ సీజన్‌లో వచ్చే తవుడు అంతే.

సుజాత_మిర్యాలగూడ
యాదగిరన్నా, ఇది మా ఆయనకు చదివి వినిపించాను. "తవుడుకూ బంగారానికీ పోలికేమిటి" అని లేచి వెళ్లిపోయారు.

దేవరకొండ_లెక్కలు
నాకు ఈ తవుడు పోలిక మీద అనుమానముంది. తవుడు రేటు బియ్యం రేటులో ఏ మూలకో ఉంటుంది. బంగారం అలా కాదు, గ్రాముకు వేలు. రాయిలో కొంచెమే ఉన్నా విలువ పెద్దది కావచ్చు. విలువ పెద్దదైతే అది ఉప ఉత్పత్తి ఎలా అవుతుంది? అంకెలు వేస్తే తప్ప నమ్మను. రాళ్ల సారూ, ఒక గని లెక్క చెప్పండి.

రాళ్ల_సారు
లెక్కల మాష్టారికి లెక్కే కావాలి మరి. ఒక ఊహా గని వేద్దాం. అంకెలు నావే అయినా ఇలాంటి గనులు అండీస్‌లో, ఇండోనేషియా వైపు కనపడేవే.

రాయిలో రాగి నూటికి అర వంతు, అంటే టన్నుకు 5 కిలోలు. బంగారం టన్నుకు 0.3 గ్రాములు. మిల్లులో అంతా చేతికి రాదు. రాగి నూటికి 88 వస్తుంది, బంగారం 65 వస్తే మంచిదే. అంటే టన్ను రాయికి 4.4 కిలోల రాగి, 0.195 గ్రాముల బంగారం. రాగి టన్ను 9000 డాలర్లనుకో, రాగి మీద దాదాపు 40 డాలర్లు. బంగారం ఔన్సు 2000 ఉన్నప్పుడు గ్రాము 64 డాలర్లు, కాబట్టి బంగారం మీద పన్నెండున్నర డాలర్లు.

ఇప్పుడు బంగారం 4000 చెయ్యి. రాగి అక్కడే ఉంచు.

దేవరకొండ_లెక్కలు
బంగారం 25 అవుతుంది. మొత్తం 52 నుంచి 65. బంగారం రేటు నూరు శాతం పెరిగితే గని రాబడి నాలుగో వంతు పెరిగింది. రాగి రేటు 31 శాతం పెరిగినా ఇదే లాభం వస్తుంది.

సరే, కానీ నాలుగో వంతు తక్కువేం కాదు సారూ. నా జీతం నాలుగో వంతు పెరిగితే పీఆర్సీ అని పండగ చేసుకుంటా.

రాళ్ల_సారు
తక్కువ కాదు. గనివాడూ పండగ చేసుకుంటాడు, షేరుహోల్డర్లకు పంచుతాడు. కానీ ఆ డబ్బుతో రేపు ఎక్కువ బంగారం ఎలా తీస్తాడు, అది చెప్పు. మన ఊహా గని మిల్లు రోజుకు లక్ష టన్నులు రుబ్బుతుంది. అది పగలూ రాత్రీ, పండగా పబ్బం లేకుండా ముందునుంచే నిండుగా తిరుగుతోంది. లక్ష టన్నులకు పందొమ్మిదిన్నర కిలోల బంగారం, అంతే. మిల్లుకు ఇంకో లైను కట్టాలంటే పర్మిషన్లు, నీళ్లు, కరెంటు, చెత్త మట్టికి కొత్త డ్యామ్, అన్నీ కలిసి ఏళ్లు పడుతుంది. కొత్త గని అయితే రాయి కనపడ్డ రోజు నుంచి మొదటి లారీ బయటికి వచ్చేదాకా పదిహేనేళ్లు పట్టడం మామూలే.

షేరు_శీను
మిల్లు పెంచక్కర్లేదు, మంచి రాయి ఏరి వేస్తే చాలు కదా. బంగారం ఎక్కువున్న చోట ముందు తవ్వచ్చు. ఇంకో మాట, రేటు పెరిగితే ఇదివరకు పారేసిన నాసి రాయి కూడా గిట్టుబాటవుతుంది. అప్పుడు బంగారం పెరుగుతుందా లేదా?

రాళ్ల_సారు
రెండో మాట సగం నిజం. అసలు చమత్కారం అక్కడే ఉంది.

రేటు పెరిగితే నాసి రాయి గిట్టుబాటవుతుంది, నిజమే. కానీ మిల్లు గొంతు అంతే కదా. లక్ష టన్నుల్లో నాసి రాయి కలిసిన కొద్దీ మంచి రాయి అంత మేర ఆగాలి. సగటు పడిపోతుంది. గని ఆయుష్షు పెరుగుతుంది, ఏళ్ల మీద చూస్తే మొత్తం బంగారం పెరుగుతుంది. కానీ ఈ ఏడాది చేతికొచ్చే బంగారం తగ్గినా తగ్గచ్చు. రేటు పెరిగిన ఏడు కొన్ని గనుల్లో ఔన్సులు తగ్గడానికి ఇదొక కారణం. బయటివాళ్లకు అర్థంకాక గనివాడు దాచిపెట్టాడంటారు.

మిల్లు_యాదగిరి
అచ్చం తడిసిన వడ్లు కలిపి ఆడించినట్టు. మిల్లు గంటలు అవే, బియ్యం తక్కువ.

పాలమూరు_పోరడు
అన్నా, తడిసిన వడ్లు కలుపుతానని ఇక్కడ ఒప్పుకోకు, విజిలెన్స్ వాళ్లు కూడా చదువుతారు.

మిల్లు_యాదగిరి
ఉపమానం తమ్మీ, ఉపమానం.

రాళ్ల_సారు
శీను మొదటి మాటకు, అంటే బంగారం ఎక్కువున్న చోట ముందు తవ్వచ్చు కదా అన్నదానికి గ్రాస్‌బర్గ్ కథ చెప్తా. ఇండోనేషియా పపువాలో కొండల మీద గని, ప్రపంచంలోకెల్లా బంగారం ఎక్కువున్న రాగి గనుల్లో ఒకటి. పైన పెద్ద గుంత తవ్వుతూ వచ్చారు. గుంత అడుగున మంచి రాయి తగిలింది. 2018లో ఆ గని నుంచి 75 టన్నుల దాకా బంగారం. తర్వాత గుంత అయిపోయింది. మిగిలిన ఖనిజం దాని కిందే ఉంది, భూగర్భం నుంచి తీయాలి. 2019లో మార్పు మొదలైంది, బంగారం 27 టన్నులకు పడిపోయింది. 2020లోనూ దాదాపు అంతే.

ఇప్పుడు రేటు చూడు. 2018లో సగటు ఔన్సు 1270 డాలర్ల దగ్గర, 2020లో 1770 దగ్గర. రేటు పైకి, ఔన్సులు కిందికి. మళ్లీ 60 టన్నుల దరికి రావడానికి 2023 దాకా పట్టింది, అదీ కింది గని నెమ్మదిగా తెరుచుకున్న లెక్క ప్రకారమే.

ఆ కింది గని పద్ధతి వేరు. ఖనిజపు దిమ్మకు అడుగున పల్చటి పొర తవ్వి ఆధారం తీసేస్తారు. పైన రాయి తన బరువుకు తానే విరిగి కిందికి దిగుతుంది, గరాటుల్లాంటి నోళ్ల దగ్గర యంత్రాలు ఎత్తుకుపోతాయి. ఏ నోటి దగ్గర రోజుకు ఎంత లాగాలో లెక్క ఉంటుంది. ఒకచోట ఎక్కువ లాగితే పైన బోలు పడుతుంది, లేదా పక్కనున్న చెత్త రాయి కలిసిపోతుంది. ఇందులో బంగారమున్న రాయిని ఏరుకోవడం కుదరదు. అది వంతు ప్రకారం దిగుతుంది.

వనపర్తి_కవిత
2025 సెప్టెంబరులో జరిగింది కూడా అక్కడే కదా సార్. ఆ నోళ్లలోంచి తడి బురద ఒక్కసారిగా సొరంగాల్లోకి విరుచుకుపడింది. ఏడుగురు పనివాళ్లు చనిపోయారు. ఆ భాగంలో పని ఆపేశారు. బంగారం రేటు అప్పటికి ఎన్నడూ లేనంత పైన ఉంది.

రాళ్ల_సారు
అవును. సెప్టెంబరు 8. దాదాపు 8 లక్షల టన్నుల తడి మట్టి అన్నారు. నేను చూసింది చిన్న గని, చిన్న బురద, అయినా ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అది వదిలెయ్.

సుజాత_మిర్యాలగూడ
పాపం. ఇదంతా చదివాక పది తులాల గొడవ చిన్నదనిపిస్తోంది.

గద్వాల_కంసాలి
అడ్డం వస్తున్నా. మాకు పక్కనే రాయచూరు జిల్లాలో హట్టి ఉంది, అది అచ్చం బంగారు గని, రాగి గీగీ ఏం లేదు. అలాంటిదైతే రేటుకు స్పందిస్తుందా?

నా అసలు అనుమానం వేరే. గిరాకీలు పాత రాగి బిందెలు తెచ్చి "ఇందులో బంగారముంటదట, తీసియ్యి" అంటున్నారు. ఎవరో వీడియో పెట్టాడట. రోజుకు ఒకరన్నా వస్తున్నారు.

పాలమూరు_పోరడు
మా నాయనమ్మ బిందె అమ్మనంటే ఎందుకో అనుకున్నా.

వనపర్తి_కవిత
బిందె సంగతి నేను చెప్తాను. గుజరాత్‌లో ఒక రాగి స్మెల్టర్ ల్యాబ్‌లో ఆరేళ్లు చేశాను.

గని నుంచి వచ్చే ఖనిజపు పొడిలో రాగి 25 శాతం చుట్టూ ఉంటుంది. రాళ్ల సారు ఊహా గని లెక్క ప్రకారమైతే టన్ను పొడిలో 11 గ్రాముల బంగారం ఉంటుంది. కొలిమిలో కరిగించి మందపాటి రాగి పలకలు పోస్తాం. ఆ పలకల్ని యాసిడ్ తొట్లలో వేలాడదీసి కరెంటు పెడితే రాగి కరిగి అవతలి పలక మీద శుద్ధంగా పేరుకుంటుంది. బంగారం కరగదు. అడుగున నల్లటి బురదగా దిగుతుంది. వెండి, సెలీనియం, టెల్లూరియం కూడా ఆ బురదలోనే. చూస్తే మసిలా ఉంటుంది కానీ ఆ గదికి రెండు తాళాలు, కెమెరాలు. బయటికొచ్చేటప్పుడు బూట్లు కూడా కడిగించేవారు.

అంటే మార్కెట్‌కొచ్చే శుద్ధ రాగిలోంచి బంగారం ముందే తీసేసి ఉంటుంది. బిందెలో ఇంకేమీ ఉండదు. ఆ పద్ధతి రాకముందు చేసిన మరీ పాతకాలపు రాగిలో జాడ ఉండచ్చు, తీయడానికయ్యే యాసిడ్ ఖర్చు కూడా రాదు.

గద్వాల_కంసాలి
మా దగ్గరా అంతే కవితమ్మా. వెండి కలిసిన బంగారం నైట్రిక్‌లో వేస్తే వెండి కరిగిపోతుంది, బంగారం అడుగున నల్లగా, మట్టిలా నిలుస్తుంది. కొత్తగా పనిలో చేరిన పిల్లాడొకడు అది మురికి అనుకుని పారబోయబోయాడు. పట్టుకున్నా కాబట్టి సరిపోయింది, లేకపోతే మూడు తులాలు కాలువలో.

షేరు_శీను
కవిత గారూ, మరి స్మెల్టర్ దగ్గరే ఎక్కువ పిండుకోవచ్చు కదా?

వనపర్తి_కవిత
అక్కడ పిండడానికి ఏం మిగలదు. పొడిలో వచ్చిన బంగారం దాదాపు అంతా బురదలో దొరికేస్తుంది. పోయేదంతా గని మిల్లు దగ్గరే, రాళ్ల సారు చెప్పిన ఆ 35 శాతం. ఇంకోటి, పొడిలో టన్నుకు ఒక గ్రాము కంటే తక్కువుంటే చాలా ఒప్పందాల్లో గనికి బంగారం డబ్బే ఇవ్వరు. అలాంటి గనివాడికి బంగారం రేటు ఎంతైతే ఏంటి.

రాళ్ల_సారు
ఆ 35 శాతం దగ్గర మాత్రం రేటు కాస్త పనిచేస్తుంది, ఒప్పుకుంటా. అందులో కొంత పైరైట్ అనే ఇనుప ఖనిజంలో ఇరుక్కుని చెత్తతో పోతుంది. ఇంకొంత బరువైన రేణువులుగా ఉండి నురగకు తేలదు. రేటు బాగున్నప్పుడు మిల్లులో గిర్రున తిరిగే గ్రావిటీ డ్రమ్ములు పెట్టి ఆ రేణువుల్ని పట్టుకుంటారు. 65 ఉన్నది 68, 70 అవుతుంది. మన లెక్కలో రోజుకు కిలో, కిలోన్నర. దీన్ని కాదనను. కానీ కుప్పలు అంటే ఇది కాదు.

గద్వాల తమ్ముడూ, హట్టి లాంటి గని రేటుకు కొంత స్పందిస్తుంది, ఎందుకంటే అక్కడ నిర్ణయం బంగారాన్ని బట్టే. అది కూడా నెమ్మదే. కొత్త షాఫ్టు దించాలంటే ఏళ్లు. రేటుకు నెల తిరక్కుండా స్పందించేది ఒక్కటే, నీ దుకాణానికొచ్చే పాత నగలు.

గద్వాల_కంసాలి
అది కళ్లారా చూస్తున్నా. ముందు కమ్మలు కొనడానికి వచ్చేవాళ్లు, ఇప్పుడు వాటినే అమ్మడానికి వస్తున్నారు.

దేవరకొండ_లెక్కలు
ఇంకా ఒక ముడి ఉంది. గనిలో బంగారం విలువ రాగితో సమానమైతే అప్పుడూ ఉప ఉత్పత్తేనా? సారు లెక్కలో రాగి 40, బంగారం 25. రేపు బంగారం ఇంకా పెరిగితే 40, 40 అవుతుంది. అప్పుడు "రాగి రేటు చూసి తేల్చేది" అన్న మాట నిలవదు. వెండి గనుల్లో ఇంకా త్వరగా ఇలా అవుతుందేమో, అక్కడ వెండి, బంగారం విలువలు దగ్గరదగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ.

రాళ్ల_సారు
మాష్టారూ, దెబ్బ సరిగ్గా తగిలింది. గ్రాస్‌బర్గ్‌లో రాగి ఖర్చులోంచి బంగారం డబ్బు తీసేసి లెక్క చూపిస్తారు. ఒక్కో ఏడు ఆ ఖర్చు సున్నా కిందికి పోతుంది, అంటే రాగి ఊరికే వచ్చినట్టు. అలాంటి చోట ఏది ప్రధానం, ఏది ఉపం అన్నది కాగితం మీది మాటే. వెండి గనుల విషయంలో కూడా మీరన్నది నిజమే. మెక్సికోలో చాలా గనుల్లో వెండి, బంగారం జంటగా నడుస్తాయి. అక్కడ బంగారం రేటుకు ప్లాను మారుతుంది.

కానీ ఒకటి. 40, 40 అయినా మిల్లు లక్ష టన్నులే. నిర్ణయం ఎవరి రేటు మీద అన్నది మారుతుంది, ఈ ఏడాది ఎంత అన్నది మారదు.

షేరు_శీను
ఇప్పుడు నా బాధ చెప్తా. ఒక విదేశీ రాగి కంపెనీ, బంగారం బాగా వస్తుందని చదివి, బంగారం పెరుగుతోంది కదా అని యాప్‌లో షేరు కొన్నా. బంగారం పరిగెత్తింది, నా షేరు కదల్లేదు. తర్వాత తెలిసింది, వాళ్ల బంగారం ఎప్పుడో ముందే అమ్మేసుకున్నారట.

రాళ్ల_సారు
అది మామూలే. గని కట్టడానికి డబ్బు కావాలి, అప్పిచ్చేవాడికి జీవితాంతం వచ్చే బంగారంలో వాటా రాసిస్తారు. బ్రెజిల్‌లో సలోబో అని పెద్ద రాగి గని. అక్కడి బంగారంలో నాలుగింట మూడు వంతులు వీటన్ అనే కంపెనీకి వెళ్తుంది, ఔన్సుకు 400 డాలర్ల చిల్లర ఇచ్చి తీసుకుంటుంది. రేటు 4000 అయినా గనివాడికి ఆ వాటా మీద అదే చిల్లర. ఇక ఎక్కువ తీయాలన్న ఆశ ఎక్కడిది?

మిల్లు_యాదగిరి
నాటు వేసినప్పుడే సేటుకు పంట రాసిచ్చినట్టు. మా తాత ఇట్లనే పోయిండు.

వనపర్తి_కవిత
పనామాది కూడా చెప్పండి సార్. కోబ్రే పనామా అని అక్కడి పెద్ద రాగి గని. ఏటా నాలుగు టన్నుల దాకా బంగారం వచ్చేది. 2023 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పందం చెల్లదంది, రాగితో పాటు బంగారమూ ఆగింది. ఆ తర్వాత రెండేళ్లలో బంగారం రెట్టింపైంది, గని మాత్రం తెరుచుకోలేదు.

పాలమూరు_పోరడు
అంటే రాగి అలిగితే బంగారం కూడా అలుగుతుంది. అత్తగారింట్లో తోడికోడళ్లలా.

సుజాత_మిర్యాలగూడ
రాత్రి అన్నం తినేటప్పుడు మా ఆయనకు మొత్తం చదివాను. మిల్లు గొంతు దగ్గర తల ఊపారు. సలోబో దగ్గర "అలా రాసిస్తారా" అని ఆశ్చర్యపోయారు. చివరికి "సరే, ఐదు తులాలు ఇప్పుడు, ఐదు సంక్రాంతి తర్వాత" అన్నారు. ఐదైనా వచ్చాయి.

షేరు_శీను
సంక్రాంతి తర్వాత తగ్గచ్చు అక్కా, చెప్పలేం.

సుజాత_మిర్యాలగూడ
తమ్ముడూ, నువ్వే ఆయన దోస్తువి కాదు కదా?

దేవరకొండ_లెక్కలు
రాళ్ల సారూ, ఒక్కటి మిగిలింది. ఆ 35 శాతం బంగారం ఏళ్లుగా చెత్త మట్టి గుట్టల్లో పడి ఉంటుంది కదా. దాన్ని మళ్లీ రుబ్బడానికి కొత్తగా తవ్వక్కర్లేదు, రాగి రేటుతో పని లేదు. అది రేటుకు స్పందించాలి మరి?

రాళ్ల_సారు
స్పందించాలి. కానీ మన లెక్కలో చెత్త మట్టి టన్నుకు 0.1 గ్రాము. 4000 దగ్గర 13 డాలర్లు, అందులో ఎంత చేతికొస్తుందో ఆ మట్టి గుణం మీద. మేం ఒకసారి నమూనాలు తీసి పంపాం, బంగారం పైరైట్‌లో గట్టిగా ఇరుక్కుని ఉందని రిపోర్టు వచ్చింది. అప్పటి రేటుకు ఫైలు మూశారు. ఇప్పుడు ఎవరైనా తెరిచారో లేదో, అక్కడ ఇంకా పనిచేస్తున్న మా కుర్రాణ్ని అడిగి చెప్తా.